ఎర్రచుక్క లేని ట్రిప్పు

నరసరావుపేటలో నా పంక్చర్ల కొట్టు పక్కనే మోయిన్ షెడ్డు. బ్రేకులు బాగుచేయడంలో ఊళ్లో అతని తర్వాతే ఎవరైనా. పని అయ్యాక బండిని కోటప్పకొండ రోడ్డెక్కించి, ఖాళీ చోట వేగం పెంచి, ఒక్కసారిగా బ్రేకు తొక్కుతాడు. మళ్లీ మళ్లీ తొక్కుతాడు. అలా చూడకుండా ఏ బండినీ అప్పగించడు. నోరొక్కటే అతనికి అదుపులో ఉండదు.

కంకర క్రషర్ యజమాని ఆంజనేయులు కారు తెచ్చి, ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చిన అగ్గిపెట్టెంత పరికరాన్ని స్టీరింగు కింద సాకెట్లో మోయిన్ చేత పెట్టించుకున్నాడు. పాలసీ అతని పేరున ఉంది. కారు తోలేది మాత్రం భార్య నీరజ.

“దీంతో లాభమేందిరా?”

“తక్కువ తిరిగి, నిదానంగా తోలితే మార్కులు బాగొస్తయ్యన్నా. రెన్యూవల్‌లో మన బండి డ్యామేజీకి కట్టేది తగ్గిద్ది. ఎదుటోళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీది తగ్గదు. సడన్ బ్రేకు కొడితే మ్యాపులో ఎర్రచుక్క పడిద్ది. బండి ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో కూడా నీ ఫోన్‌లో కనపడిద్ది.”

ఆ చివరి ముక్క ఎవరడిగారు? ఆంజనేయులు నవ్విన తీరు చూసి నాకు భయమేసింది.

కొన్నాళ్లకు నీరజ ఒక్కతే వచ్చింది. మణికట్టు కమిలిపోయి ఉంది.

“ఇది పీకెయ్ తమ్ముడూ. నిన్న గురజాలలో లాయరమ్మ దగ్గరికి పోయొచ్చా. ఆయన ఇంకా ఫోన్ చూళ్లేదు. చూస్తే నన్ను బతకనియ్యడు.”

మోయిన్ సాకెట్ మీద వేసిన చేయి వెనక్కి తీసుకున్నాడు. “పీకితే ఆయనకి మెసేజ్ పోద్ది వదినా. పీకినా నిన్నటిది చెరగదు. నిన్న బండి నాకిచ్చి, మీ అక్క ఇంట్లో ఉన్నానని చెప్పు. గురజాల పోయింది నేనంటా.”

సాయంత్రం ఆంజనేయులు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అరవలేదు.

“నిన్న గురజాల పోయింది నువ్వేనంటగా?”

“నేనేనన్నా. బ్రేకు ప్యాడ్లేసి, టెస్ట్ డ్రైవ్‌లో పనిలోపనిగా మా బామ్మర్దిని చూసొచ్చా.”

ఆంజనేయులు ఫోన్ తీశాడు. “పోయిన నెల సర్వీసింగ్ రోజు చూడు.” కోటప్పకొండ రోడ్డు మీద వరసగా ఎర్రచుక్కలు. “ఇది నువ్వు. ఆ రోజు మార్కులన్నీ నాశనం చేశావు.”

తెర జరిపాడు. గురజాల వెళ్లి వచ్చిన గీత మీద ఒక్క చుక్క కూడా లేదు.

“ప్యాడ్లేసి, బ్రేకు తొక్కకుండా తిరిగొచ్చావా మోయిన్?”

భయం భయంగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని తోలిన నీరజ జాగ్రత్తే ఆమెను పట్టించింది.

“చానా బాగా తోలింది,” అంటూ ఆంజనేయులు కారెక్కాడు.

నేను నీరజకు ఫోన్ కలిపాను. ఎత్తలేదు. మోయిన్ అప్పటికే బైకు స్టార్ట్ చేశాడు. నేను వెనక ఎక్కాను. నీరజ ఇంటిదాకా అతను ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు.