జూహీ పేరు మీద పద్దెనిమిది ఫిర్యాదులు

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల ఫిర్యాదులు తీసుకునే కాంట్రాక్టరు గదిలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంటర్ మధ్యలో వదిలేసినా నా అంత వేగం అక్కడ ఎవరికీ లేదు. ఒక వానాకాలం రెండు వందల ఫిర్యాదులు చాయ్ చల్లారేలోగా ముగించాను. నమ్మనివాళ్లు కంప్యూటర్‌ని అడగండి.

మెకానిక్ సాబిర్ కూతురు జూహీ సోమవారం చేరింది. ఉంచాలో పంపాలో శనివారం కాంట్రాక్టరు భూపాల్ సార్ చెబుతాడు. ఆ జీతం మీదే ఆమె తమ్ముడి కాలేజీ ఆధారపడి ఉంది.

ఫిర్యాదులు వచ్చిన వరుసలో తెర మీద నిలబడతాయి. ఒకరు తీసుకుంటే వాళ్ల పేరు కిందికి పోతాయి. ఇంకెవరికీ కనబడవు.

"శివన్నా, గంత జల్ది ఎట్ల చేస్తవ్?" అని అడిగింది.

"ఒక్కసారే నలభై పట్టుకుంట. బల్బులు, నల్లాలు ముందుగాల కొట్టెయ్. గట్టివి తర్వాత," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నమ్మింది.

బుధవారానికి ఆమె పేరు మీద ముగియనివే పద్దెనిమిది. ముగించిన లెక్కలో అందరికంటే పైన ఉంది. "రాణిగారూ, మాకూ కొన్ని వదలండి," అని ఏడిపించాను.

గురువారం పొద్దున కాలిన చేతికి కట్టుతో క్వార్టర్లలో ఉండే కనకవ్వ వచ్చింది. "స్విచ్చు ముట్టుకుంటె షాక్ కొడుతున్నదని సోమవారం చెప్పిన. నిన్న తడిచేత్తో ముట్టిన. తీసుకున్నది నువ్వేనా బిడ్డా?"

జూహీ తల ఊపింది. ఆ ఫిర్యాదు ఆమె జాబితాలో అన్నిటికంటే కింద ఉంది.

పక్క కుర్చీలోంచి సంధ్యారాణి అంది: "ఏడ్సుడు తర్వాత. చేస్తున్నవి రెండు ఉంచుకొని మిగతావి మళ్ల అందరి వరుసల పెట్టు. ప్రమాదమున్నది ముందు. ఏం చేసినవో, ఏం మిగిలిందో ఆ ఫిర్యాదులనే రాయి. ముగించిన ఫిర్యాదులోళ్లకు ఫోన్ చేసి అడుగు. సార్‌కు తెలిసేదాక ఆగకు, నువ్వే పోయి చెప్పు."

అన్నీ చేసింది. గంటలో ఎలక్ట్రీషియన్ కనకవ్వ ఇంటి కరెంటు ఆపి స్విచ్చు మార్చాడు. ముగించామన్న నల్లాల్లో నాలుగు ఇంకా కారుతున్నాయని ఫోన్లలో తేలితే తిరిగి తెరిచింది. శుక్రవారం సాయంత్రానికి పాతది ఒక్కటీ మిగల్లేదు. కొత్తవాళ్ల కోసం తను చేసిన తప్పులన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించింది.

శనివారం భూపాల్ సార్ అడిగాడు: "మంచిగనే సర్దినవ్. కని గన్ని ఒక్కసారే పట్టుకొమ్మని నేర్పిందెవరు?"

జూహీ నావైపు చూసింది. నేను కీబోర్డు దుమ్ము దులుపుతున్నాను.

"ఎవరు లేరు సార్. నేనే."

"అయితె పో. కాలిన చేతికి ఎవరో ఒకరు పోవాలె గద."

టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట అంటే బాగుండేది.

సోమవారం ఆ కుర్చీలో ముఖీత్ అనే కొత్తతను కూర్చున్నాడు. గోడమీది కాగితం చదివి, "మస్తుగుంది అన్నా, ఎవరు రాసిన్రు?" అన్నాడు.

"నేనే," అన్నాను.