కిటికీకి ముఖం తిప్పిన కుర్చీ

మెదక్‌లో మా ఇంటి ముందుగదిలో కిటికీ కింద ఒక పేము కుర్చీ ఉంటుంది. పెద్దమనుషులెవరు వచ్చినా అందులోనే కూర్చోబెడతాం. వీపుకు గాలి, మనిషికి మర్యాద. అందుకే మా ఆవిడకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ ఉందనగానే, ఆ సింహాసనాన్ని ఆమెకు అప్పగించాను. హైదరాబాద్‌కు బస్సెక్కకుండా దొరికే పంతులమ్మ ఉద్యోగం అదొక్కటే మరి.

ఇంటర్వ్యూ సాయంత్రం. ముందుగా పైవాటాలో ఉండే, మేమంతా ఆపా అని పిలిచే ముస్లిం అక్కకు కాల్ చేసి చూసుకున్నాం. ఆమె ఫోన్‌లోనే చీరలు చూపించి అమ్మే ఘనురాలు.

"అక్కా, ఫ్యాను మస్తు కనవడుతుంది. ముక్కు రంధ్రాలు గూడ. మొఖమే కనవడ్తలేదు!" అంది ఆపా.

"మొఖం యాడ వోయింది ఆపా?" అని మా ఆవిడ పరేషాన్.

"ఎనక కిటికీ ఉన్నది గదా, ఎలుగంత ఆడ్నే ఉంది. ఉల్టా తిరుగుండ్రి. లాప్‌టాప్ జర లేపుండ్రి."

పెళ్లయిననాటి నుంచీ ఆ కుర్చీ దిక్కు మారలేదు. దాన్ని తిప్పడమంటే రాజధాని మార్చినంత పని. అయినా తిప్పాను. టీపాయ్ మీద కుక్కర్ అట్టపెట్టె, దాని మీద మిక్సీ పెట్టె, ఆ గోపురం మీద లాప్‌టాప్. కెమెరా సరిగ్గా ఆవిడ కళ్ల ఎత్తుకు వచ్చింది.

ఇక వెనక ఏముండాలి? పెళ్లి కానుకలతో కిక్కిరిసిన మా షోకేసు ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను.

"ఇంటర్వ్యూ నాకా, నీ షోకేసుకా?" అంది మా ఆవిడ.

లాప్‌టాప్‌లోనే ఉన్న గ్రంథాలయం బొమ్మను ఆవిడ వెనక తెరలా పెట్టి చూశాం. చెయ్యెత్తితే వేళ్లు మాయం, తల తిప్పితే చెవి మాయం. లెక్కల టీచరుకు వేళ్లు లేకపోతే ఎలా? చివరికి ఉత్త గోడే ఖాయమైంది.

ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికి పడమటి ఎండ సూటిగా ఆవిడ మొహం మీద పడింది. కళ్లు చికిలించడం మొదలుపెట్టింది. నేను నా తెల్ల పంచె తెచ్చి, కెమెరా కంట పడకుండా లాప్‌టాప్ వెనకాల నిలబడి, కిటికీకి అడ్డంగా రెండు చేతులతో ఎత్తి పట్టాను. ఎండ పాలలా మెత్తబడింది. ఆవిడ ముఖం, చెప్పొద్దూ, జిల్లా మొత్తానికి వెలుగు పంచేలా ఉంది.

ఆవిడ స్క్రీను వదిలి కెమెరాలోకే చూస్తూ, చపాతీ చింపి భిన్నాలు చెప్పింది. నా భుజాలు ఊడిపోతున్నాయి. పంచె వణికితే ఆవిడ చెంపల మీద నీడలు వణుకుతున్నాయి. ఊపిరి బిగపట్టాను.

"బాగా చెప్పారు మేడం. పిల్లల కళ్లల్లోకి చూసి చెబుతున్నట్టే ఉంది. సోమవారం నుంచి క్లాసులు తీసుకోండి" అన్నాడు అవతలి ఆయన.

కాల్ కట్ కాగానే మా ఆవిడ లేచి నిలబడింది. "వచ్చిందయ్యా! ఇగ రోజూ గిదే టైముకు క్లాసు."

"రోజూనా?" అన్నాను, చేతులు ఇంకా పైనే ఉంచి.

"మరి? పోయి ఆ పంచెకు రెండు మేకులు తెచ్చుకో."