పైన పెట్టాల్సిన లైను

మా తోట తాతయ్య పోయారు. మొన్న పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద ఒరిగిపోయారట. ఆ కబురు నాకు మా కజిన్స్ గ్రూపులో తెలిసింది. పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, మూడేళ్ళ కిందటి డాబా ఫొటో మళ్ళీ పెట్టి, కింద ఇలా రాశాడు: "మన విలన్ ఇక లేరు. మిస్ యూ తాతా." పక్కన ఏడుపు బొమ్మలు మూడు.

ఆ మాట చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కోపమే, కానీ ఎక్కువ కోపం నా మీద. ఎందుకంటే విలన్ అన్న మాట ఆ ఫొటో కింద మొదట రాసింది నేను.

ఆయన మాకు చుట్టం కాదు. నూజివీడు దగ్గర మా ఇంటికి తూర్పున ఉన్న మామిడితోటకు ముప్పై ఏళ్ళు కాపలా ఉన్నారు. సంక్రాంతి నాటికి చెట్లన్నీ పూత మీద ఉంటాయి. ఆయన రోజూ పొద్దున్నే కొమ్మలు వంచి, తేనెమంచు పురుగు పట్టిందేమోనని పూత గెలల్లోకి తొంగి చూసేవారు. మా గాలిపటాలు తెగి ఆ చెట్లలోనే పడేవి. ఇంకొకరైతే ఒక్క లాగు లాగి చించేసేవారు. ఆయన చివర కొక్కెం కట్టిన పొడవాటి వెదురు గడతో, దారాన్ని కొమ్మ నుంచి ఒక్కో మెలికా విప్పేవారు. "పూత కదలకుండా తియ్యాలండీ, అరగంట పట్టినా పర్లేదు" అనేవారు. దించిన పటాన్ని మా గేటుకు గుచ్చి వెళ్ళేవారు. దారం మాత్రం తిరిగి ఇచ్చేవారు కాదు. పిట్టల కాళ్ళకు చుట్టుకుంటుందని ముక్కలు చేసి పొయ్యిలో వేసేవారు. గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు పై దారం కాస్త పొట్టిగా ఉండాలని నాకు చూపించింది కూడా ఆయనే. అలాంటి మనిషిని పటాలకు శత్రువని రాశాను.

ఆ రోజు పండగ మధ్యాహ్నం మూడు గంటలు. డాబా మీద పదకొండు మంది కజిన్స్, రెండు పెద్ద స్పీకర్లు, ఒకటే గోల. పైన గది కడదామని మొదలుపెట్టి ఆపేయడంతో తూర్పు వైపు పిట్టగోడ లేదు. ఇనుప చువ్వలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ పూట గాలి మళ్ళి తూర్పు నుంచి వీస్తోంది కాబట్టి పటాలన్నీ పడమటికి ఎగురుతున్నాయి. పటం కిందికి జారినప్పుడల్లా దారం లాగుతూ వెనక్కి నడవాలి. వెనక్కి అంటే తూర్పుకి, గోడ లేని వైపుకి. అప్పటికి తొమ్మిదేళ్ళున్న మా పిన్ని కూతురు, మేమంతా చిన్నది అని పిలిచే పిల్ల, అలాగే నడుస్తోంది. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. చూపంతా పటం మీదే ఉంది.

నేను పడమటి చివర నిలబడి ఫోన్‌లో ఫొటో తీస్తున్నాను. అందరూ నవ్వుతూ నా వైపు చూశారు. ఫ్రేము మూలన, తోట గట్టు మీద, గడ పైకెత్తి నోరు తెరిచి అరుస్తూ తాతయ్య కనిపించారు.

"ముసలాయనకి కోపం వచ్చిందిరోయ్!" అన్నాడు అన్నయ్య. అందరం ఇంకా గట్టిగా నవ్వాం. పాటల హోరులో ఆయన మాట ఒక్కటీ వినపడలేదు. వినాలని ఎవరికీ అనిపించలేదు కూడా. ఆయన పరుగున వచ్చి గడను మా డాబా మీదికి విసిరారు. అది చువ్వలకు తగిలి ఖంగుమంది. చిన్నది ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. ఇంకో రెండడుగులు వేస్తే డాబా అయిపోతుంది. దారం వదిలేసి అక్కడే చతికిలబడింది.

అదంతా నేను కళ్ళారా చూశాను. కాబట్టి తెలియక రాశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

సాయంత్రం ఫొటో నా పేజీలో, అందరికీ కనిపించేలా పెడదామని కూర్చున్నాం. జరిగింది జరిగినట్టు ముందు రాశాను. "అది పైన పెడితే ఎవడు చూస్తాడే? పంచ్ ముందుండాలి, సీరియస్ లైను కిందకి తొయ్" అన్నాడు అన్నయ్య. నాకూ నిజమే అనిపించింది. మొదటి లైను ఇలా మార్చాను: "ఎండ, గోల, గాలిపటాలు... మూలన కర్రతో మా విలన్!" తరువాత వరసగా చుక్కలు, పదకొండు మంది ట్యాగులు. అన్నిటికన్నా అడుగున, "ఈ తాతయ్య అరిచి గడ విసరకపోతే మా చిన్నది పడిపోయేది" అని.

ఫోన్లో ఫొటో కింద మొదటి లైను మాత్రమే కనిపిస్తుంది. మిగతాది చదవాలంటే 'మరింత' అన్న చోట నొక్కాలి. ఎవరు నొక్కుతారు? లైకులు వందలు దాటాయి. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి, మూలనున్న తాతయ్యను మాత్రం కత్తిరించి, ఆ బొమ్మ మీదే పెద్ద అక్షరాలతో విలన్ తాత అని రాసి వదిలారు. అది ముసునూరు దాకా తిరిగింది. టీ కొట్టు దగ్గర ఆయన్ని చూసి చేతులెత్తి అరిచి వెక్కిరించేవారు. తోట కౌలుకు తీసుకున్నాయన కూడా చూశాడు. "పిల్లల మీద కర్రలు విసిరేవాణ్ణి కాపలా పెట్టానని నవ్వుతున్నారయ్యా" అని, పిందె కట్టే వేళకు ఆయన్ని మాన్పించేశాడు. ముప్పై ఏళ్ళు చూసుకున్న చెట్లు అవి.

ఆ తరువాత తాతయ్య మా ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాకుండా మెట్టు కింద నిలబడ్డారు.

"అమ్మాయిగారూ, ఫొటో కింద ఏదో రాశారంట కదండీ. నేనెందుకు అరిచానో కూడా రాయొచ్చు కదండీ."

"రాశాను తాతయ్యా, ఇదిగోండి" అంటూ గబగబా నొక్కి చూపించాను. గెలిచినట్టు చూపించాను, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన వేలు పెట్టి కూడబలుక్కుని అడుగు దాకా చదివారు. చాలాసేపు పట్టింది.

"మరి దీన్ని పైన పెట్టకూడదాండీ?" అన్నారు.

అంతే అడిగారు. ఒక్క తిట్టు తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రే లైన్లు తారుమారు చేశాను. నా పోస్టు కింద మాట మారింది గానీ, బొమ్మ మీద రాసేసి ఊరూరా తిరుగుతున్న మాట నా చేతిలో లేదు. కౌలుదారు దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు, చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ మూడేళ్ళు గడిపాను. ఈ ఏటి పండక్కి కూడా మా గేటుకు ఒక పటం గుచ్చి ఉంది. తోటలోకి రానివ్వకపోయినా, రోడ్డు మీదికి వాలిన కొమ్మల్లోంచి తీసి పెట్టి వెళ్ళారు.

మొన్న గ్రూపులో అన్నయ్యను అడగాల్సినవన్నీ అడిగేశాను. "పోయినాయన మీద ప్రేమతోనే కదే పెట్టాను" అన్నాడు. ఆ ప్రేమ నాకు అక్కర్లేదు, ముందు ఆ మాట తియ్యి అన్నాను. ఇప్పుడు పన్నెండేళ్ళున్న చిన్నది కింద ఒక్కటే రాసింది: "ఆయన నన్ను పిలిచారు. మనకెవరికీ వినపడలేదు." ఆ తరువాత అన్నయ్య పోస్టు తీసేశాడు.

నిన్న చిన్నదాన్ని తీసుకుని తాతయ్య వాళ్ళింటికి వెళ్ళాను. దండ వేయడానికి వాళ్ళ దగ్గర వేరే ఫొటో లేదట. గోడకు ఆనించి, మా డాబా ఫొటోలోంచి పెద్దది చేయించిన బొమ్మే ఉంది. "కింద ఒక మాట రాసిపెట్టండమ్మా, మీరు బాగా రాస్తారంటగా" అని తాతయ్య కూతురు స్కెచ్ పెన్ను చేతికిచ్చింది. ఆమె ఎగతాళికి అనలేదు.

పెన్ను మూత తీశాను. "అంచు మీద పిల్ల ఉందని పిలుస్తున్నారు" అని రాశాను. ఒక్కటే లైను.

బంతిపూల దండ మధ్యలో తాతయ్య గడ పైకెత్తి, నోరు తెరిచి, ఇంకా మా డాబా వైపే చూస్తున్నారు. చిన్నది ఆ బొమ్మ ముందు నిలబడి, వినడానికన్నట్టు చెవులు రిక్కించింది.