మూడుసార్లు చెప్పిన మాట

భాగీరథి పొద్దున షాపు తెరవగానే పేపర్లో అన్నిటికంటే పొడుగైన వాక్యాన్ని వెతుకుతుంది. దొరికాక పెన్సిల్‌తో గీతలు గీసి దాన్ని మూడు ముక్కలు చేస్తుంది. ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేస్తుంది. జహీరాబాద్‌లో ఎనభై ఒకటిలో టైపు హయ్యర్ పాసై, ఇరవై ఏళ్లు కోర్టు బయట అర్జీలు కొట్టిన మనిషి ఆమె. ఇప్పుడు జనం ఫోన్లలో మాట్లాడి రాసుకున్న మెయిళ్లను సరిచేసి ఇస్తుంది.

ఆ శుక్రవారం మూడు గంటలకు సంగమ్మ వచ్చింది. మొగుడంపల్లి నుంచి బైపాస్ పక్కనున్న ఫ్యాక్టరీకి వచ్చి ప్యాకింగ్ పని చేస్తుంది. కుడిచేతి రెండు వేళ్లకు కట్టు ఉంది. మెషిన్ బెల్టులో పడి నలిగాయి. ఎనిమిది రోజులు పనికి పోలేదు. అజాగ్రత్తగా ఉన్నందుకు ఎందుకు తీసేయకూడదో ఐదు గంటల్లోగా మెయిల్లో జవాబు ఇవ్వమని ఆఫీసు నోటీసు పంపింది.

షాపుకు రాకముందే సంగమ్మ మైకు గుర్తు నొక్కి ఫోన్‌కు అంతా చెప్పింది. ఆ డ్రాఫ్టును పంపేముందు ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే జగన్‌మోహన్ సారుకు చూపించింది. ఆయన నవ్వాడట. ఇది మెయిలా, పురాణమా అన్నాడట. ఇవన్నీ తీసేసి, తప్పు నాదే, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను అని రెండు లైన్లు పంపితే పని ఉంటుందని చెప్పాడట.

"గలత్ నాది ఎట్లయితదక్కా?" అంది సంగమ్మ, కట్టున్న వేళ్లు చూపించి. "ఏళ్లు నాయి, గలత్ గూడ నాదేనా?"

జీవితంలో ఒక్క ప్యాకెట్ సీలు చేయని మనిషి నవ్వాడన్నదే భాగీరథికి కారంలా తగిలింది. డ్రాఫ్టును షాపు మెయిల్‌కు పంపించుకుని తెరిచింది. ఒక్క చుక్క లేదు, కామా లేదు.

"సార్ నమస్తే నేను సంగమ్మ ప్యాకింగ్‌ల పనిచేస్త జాలీ వదులుగుంది అని సార్‌కు చెప్పిన చూద్దాం అన్నడు సార్ నేను చెప్పకుండ పనికి బంద్ కాలే దవాఖాన చీటీ ఉంది సార్ జాలీ వదులుగుందని చెప్పిన ఇనలే సార్ నమస్తే ఆ పొద్దుగాల గూడ చెప్పిన జాలీ గురించి..."

జాలీ అంటే బెల్టుకు అడ్డంగా ఉండే ఇనుప వల. భాగీరథి మొదట ఊపిరి ఆగే చోటల్లా చుక్కలు పెట్టింది. తర్వాత ఒకే సంగతి చెప్పే వాక్యాలను పక్కపక్కకు చేర్చింది. రెండో నమస్తే తీసేసింది. నోటీసుకు జవాబు ఇస్తున్నానన్న మాటను పైకి తెచ్చింది. జాలీ మాట మూడుసార్లు కనిపిస్తే రెండు కొట్టేసి, "జాలీ వదులుగా ఉందని సూపర్‌వైజర్‌కు చెప్పాను" అని ఒక్కటి ఉంచింది. పేజీన్నర పది లైన్లయింది. చూడటానికి ముచ్చటగా ఉంది.

అయినా చదివి వినిపించకుండా ఏ కాగితమూ పంపకపోవడం ఆమెకు కోర్టు రోజుల నుంచీ అలవాటు. చదివింది. సంగమ్మ మధ్యలోనే ఆపింది.

"నేను మూడుసార్లు చెప్పిన. నువ్వు ఒక్కసారే రాసినవ్."

"ఒక్కటే మాట గదా సంగమ్మా."

"మాట ఒక్కటే. చెప్పింది మూడు దినాలు. నాలుగో తారీఖు పాత సూపర్‌వైజర్ సార్‌కు చెప్పిన. ఏడున కొత్త సార్ వచ్చిండు, ఆయనకు చెప్పంగ నాతోని పనిచేసే శాంతమ్మ పక్కనే ఉండె. పదకొండున పొద్దుగాల మళ్ల ఆయనకే చెప్పిన, పగటీలి ఏళ్లు నలిగినయ్. ఇనేటోళ్లయితే నేను ఒక్కసారే చెప్తుంటి."

భాగీరథి ముఖం ఎర్రబడింది. ఆ కోపం ఈసారి తన మీదే. జగన్‌మోహన్ నవ్వి తీసేయమన్నదాన్నే తాను చక్కదిద్దుతున్నానని తీసేసింది. సంగమ్మ నిర్దోషి అనడానికి ఉన్న ఆధారమంతా ఆ మళ్లీ మళ్లీ చెప్పడంలోనే ఉంది.

ఒక్క వాక్యాన్ని చెరిపి మూడు రాసింది. ఒక్కో తారీఖుకు ఒక్కో లైను. ఎవరికి చెప్పింది, ఆయన ఏమన్నాడు, పక్కన ఎవరున్నారు. చివర, "తప్పు నాది కాదు. జాలీ బిగించి నన్ను పనిలోకి తీసుకోండి" అని ఉంచింది. మళ్లీ మొత్తం చదివింది. ఈసారి సంగమ్మ ఆపలేదు.

భాగీరథి దాన్ని తిరిగి సంగమ్మ ఫోన్‌కు పంపితే, నాలుగూ నలభైకి సంగమ్మ, నోటీసు వచ్చిన మెయిల్‌కే జవాబుగా, దవాఖాన చీటీ ఫొటో జతచేసి ఎడమచేత్తో తానే పంపింది.

జగన్‌మోహన్ మరునాడు పిలిచి ఇది ఎవరు రాసిచ్చారని అడిగాడట. నేనే చెప్పిన, కావాలంటే శాంతమ్మనడుగు అందట సంగమ్మ. వారం తిరిగేసరికి జాలీకి నాలుగు కొత్త బోల్టులు పడ్డాయి, ఆమెను పనిలోకి పిలిచారు. క్షమించమని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆ మాట వాళ్లకు ఒక్కసారి చెప్పడానికి కూడా నోరు రాలేదు.

భాగీరథికి ఇప్పుడు అరవై మూడేళ్లు. షాపు ఆదివారం తప్ప రోజూ తెరిచే ఉంటుంది.