సరే అంటే బేరం కుదిరినట్టే అనుకున్న అల్లుడు

పెళ్ళయిన మొదటి వేసవిలో నేను నా కాపురాన్ని ఒక్క పూటలో దాదాపు ముగించుకున్నాను. గొడవ పడలేదు. గొంతు పెంచలేదు. అసలు నోరే తెరవలేదు. అంతా బొటనవేలితో చేశాను. ఇది చదివాక నన్ను ఏమైనా అనండి, మా ఇంట్లోవాళ్ళు అప్పుడే అనేశారు కాబట్టి నాకు కొత్తగా ఏమీ అనిపించదు.

ముందు మా వ్యాపారం గురించి కొంచెం చెప్పాలి. నూజివీడులో మాది మామిడికాయల కమీషన్ కొట్టు. రైతు కాయ తెస్తాడు, కొనేవాడు వస్తాడు, మధ్యలో మేముంటాం. ఈ వ్యాపారంలో "సరే" అన్నది ఆఖరి మాట. రైతు అరగంట సేపు తల అడ్డంగా ఊపుతాడు, కండువా దులుపుకుంటాడు, లేచి వెళ్ళిపోబోతాడు, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి "సరే" అంటాడు. అంతే, అయిపోయింది. "నిజంగానే సరేనా, మనసులో ఇంకేమైనా ఉందా" అని ఆ తర్వాత అడిగిన వ్యాపారి మా బజార్లో ఇంతవరకూ పుట్టలేదు. అడిగితే బేరం మళ్ళీ మొదటికొస్తుంది. మా నాన్న నాకు నేర్పిన తొలి పాఠం కూడా అదే. "సరే అన్నాక నోరు మూసుకుని కాయ దింపించుకో."

నేను ఈ చదువుతోనే పెళ్ళి చేసుకున్నాను.

మా ఆవిడ సుధది చింతలపూడి. ఆ వేసవిలో వాళ్ళ చెల్లెలికి నిశ్చితార్థం కుదిరింది, ఆదివారం ముహూర్తం. పనులున్నాయని సుధ ముందుగానే పుట్టింటికి వెళ్ళింది. నేను ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాలని అనుకున్నాం. శుక్రవారం నాకు ఒక పెద్ద బంగినపల్లి లోడు తగిలింది. లారీ ఆదివారమే వస్తుందట. నేను షెడ్డులో ఖాళీ ట్రేల మీద కూర్చుని సుధకి మెసేజ్ పెట్టాను.

"ఆదివారం లోడు పడింది. అక్కడ నువ్వు కానిచ్చేయ్. నేను భోజనాల టైముకి రావడానికి చూస్తా."

కాసేపటికి జవాబొచ్చింది.

"సరే."

చూశారా, ఎంత తేలికైపోయిందో. ఉత్సాహం వచ్చి ఇంకోటి అడిగాను.

"ఒకవేళ భోజనాలకి కూడా కుదరకపోతే?"

"మీ ఇష్టం."

"మీవాళ్ళకి రసాలు పంపనా, బంగినపల్లి పంపనా?"

"ఏదైనా పర్లేదు."

"నేను ఆలస్యంగా వస్తానని మీ అమ్మకి నువ్వే చెప్పేస్తావా?"

"ఓకే."

అడిగినవన్నీ కుదిరాయి. ఒక్కదానికీ కండువా దులపలేదు. భార్య అంటే ఇలా ఉండాలి అనుకుంటూ మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి తిని రావాలి కదా. తన కోడలు ఎంత సర్దుకుపోయే పిల్లో చూడమని ఫోను తీసి అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ చదివింది. పైకి గట్టిగానే చదివింది, ఆవిడకి అలా అలవాటు. తర్వాత వేలితో పైకి జరిపి నిన్నటివి చూసింది. నిన్న సుధ ఇలా రాసింది: "తిన్నారా అండీ? మజ్జిగ ఫ్రిజ్‌లో పై అరలో ఉంది. ఎండలో టోపీ లేకుండా షెడ్డుకి వెళ్ళకండి. ఇక్కడ చెల్లి ఆకుపచ్చ చీరే కావాలని మొండికేసింది, ఒకటే నవ్వు." కింద నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ తర్వాత ఉన్నది నేను ఇక్కడ రాయను. అది మాత్రం అమ్మ మనసులో చదువుకుంది.

"నిన్నటిదాకా ఇంతింత రాసిన పిల్ల ఇవాళ ఒక్కో మాట రాసింది. అండీ లేదు, బొమ్మ లేదు, నువ్వు తిన్నావో లేదో అడగలేదు. ఇదేం సరే రా?"

"సరే అనే రాసింది కదమ్మా."

"రాసింది. చేతిలో పనుంటే ఎవరైనా పొట్టిగా రాస్తారనుకో. కానీ అన్నీ అలాగే ఉన్నాయి, అదీ నువ్వు రానన్న దగ్గర్నుంచే. ఏమైందో ఏంటో నాకు మాత్రం ఏం తెలుసు? దాన్నే అడుగు. మెల్లగా అడుగు."

అమ్మ చెప్పినదాంట్లో "అడుగు" అన్నది నాకు బాగా వినపడింది. వెంటనే అడిగాను.

"నీకు కోపమొచ్చిందా? అవునా, కాదా? ఒక్క మాటలో చెప్పు."

"ఏం లేదు."

"ఏం లేకపోతే అలా ఎందుకు పెడుతున్నావు?"

"ఎలా పెడుతున్నాను?"

"కోపంగా. అమ్మ కూడా అన్నీ చదివి అదే అంది."

పైన "టైప్ చేస్తున్నారు" అని కనిపించింది. పోయింది. మళ్ళీ కనిపించింది. మళ్ళీ పోయింది. ఈలోగా నేను పెరుగన్నం కలుపుకున్నాను.

"అత్తయ్యగారికి కూడా చూపించారా. చాలా సంతోషం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "సంతోషమేనంటమ్మా. నువ్వే లేనిపోనివి ఊహించుకున్నావు."

అమ్మ గరిటె కింద పెట్టింది. "థాంక్స్ అని గానీ పెట్టలేదు కదా?"

అప్పటికే పెట్టేశాను. పక్కన చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టాను.

వెంటనే ఇంకోటి వచ్చింది. "మీలాంటి అల్లుడు దొరకడం మా అదృష్టం."

"ఇది మాత్రం మెచ్చుకోలే" అన్నాను. అప్పటిదాకా మాట్లాడకుండా తింటున్న నాన్న తలెత్తి, "వీణ్ణి కొట్టు మీద కూర్చోబెట్టింది నేనేనా?" అని అమ్మని అడిగాడు.

ఇక అక్కణ్ణుంచి సుధ దగ్గర్నుంచి ఏమీ లేదు. ప్రశ్నార్థకాలు పెట్టాను, చూసింది. ఫోన్ చేశాను, కట్ చేసింది. సాయంత్రానికి నాకు కాయ సైజు కనపడలేదు. భయమేసింది. నిజంగానే భయమేసింది. ఆ అమ్మాయి నవ్వుతూ వస్తేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని పెళ్ళయిన ఆ కొద్ది నెలల్లోనే నాకు అలవాటైపోయింది, ఆ నవ్వు ఇక రాదేమో అనిపించింది. మళ్ళీ అమ్మ దగ్గరికే వెళ్ళాను.

"నువ్వు అడిగింది పోలీసులు అడిగినట్టుందిరా" అంది అమ్మ. "అవునా కాదా అంటే ఎవరైనా కాదనే అంటారు. నీకు కోపం అని నువ్వే తీర్పు చెప్పేస్తే అది లేదని వాదించాలి. పైగా నన్ను సాక్ష్యానికి తెచ్చావు. నువ్వు ఏం గమనించావో అది చెప్పు. ఎందుకో తెలీదని ఒప్పుకో. ఒక్కసారే అడుగు. ఇప్పుడు చెప్పాలనిపించకపోతే పర్లేదని చెప్పు, చెప్పి నిజంగానే ఊరుకో."

"రాసి నీకు చూపిస్తాను, ఒకసారి చూడు."

"నాకు చూపించావంటే ఈ గరిటెతోనే కొడతా."

షెడ్డుకి వెళ్ళి రాయడం మొదలుపెట్టాను. మొదట "నేనేమైనా తప్పు చేసి ఉంటే సారీ" అని రాశాను. "ఉంటే" అన్న ముక్క నాకే నచ్చలేదు, చెయ్యలేదని దాని ధీమా. చెరిపేశాను. తర్వాత "ఇంత చిన్నదానికి" అని మొదలుపెట్టాను. అదీ పోయింది. చివరికి పంపింది ఇది:

"పొద్దున నేను రావడం గురించి రాసిన దగ్గర్నుంచి నీ మాటలు పొట్టిగా వస్తున్నాయి. ఎప్పుడూ అలా రాయవు. నిన్ను బాధపెట్టానేమో అనిపిస్తోంది, నా ఊహ తప్పు కూడా కావచ్చు. ఏమైందో చెప్తావా? ఇప్పుడు చెప్పాలని లేకపోతే తర్వాతైనా పర్లేదు. మన మెసేజులు అమ్మకి చూపించడం మాత్రం నా తప్పే."

పంపేసి, మళ్ళీ ప్రశ్నార్థకాలు పెట్టకుండా ఫోన్‌ని మామిడికాయల మధ్య గడ్డిలో కప్పెట్టాను. కాయైతే పండేది. చాలాసేపటికి గడ్డిలో వెలుగు కనిపించింది.

"ముందు బాధేసిందండీ. తర్వాత మీరు చేసినవాటికి కోపం వచ్చింది. నాన్న లేరు కదా. మాకు అన్నదమ్ములూ లేరు. మా తరఫున కూర్చుని తాంబూలాలు పుచ్చుకోవాల్సింది మీరే. పోయిన నెల మీరు లారీ వాళ్ళతో ఫోన్లో ఉన్నప్పుడు అడిగితే సరే అన్నారు. మా పెద్దల్లుడు కూర్చుంటాడని అమ్మ ఊరంతా చెప్పుకుంది. తాంబూలాలు భోజనాలకి ముందే అయిపోతాయి. మీరేమో భోజనాల టైముకి చూస్తానన్నారు. గుర్తుచేస్తే అడుక్కున్నట్టు ఉంటుందని సరే అని పెట్టేశాను."

నిలబడి చదివాను, చదివి కూర్చున్నాను. నేను సరే అన్నాను. మా బజార్లో సరే అని మాట తప్పినవాడి గుమ్మంలో మళ్ళీ ఎవరూ కాయ దింపరు. ఈ బేరంలో ఆ రైతు నా భార్య. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. షెడ్డులో వాళ్ళు సొన కళ్ళలో పడిందా అని అడిగారు, అవునన్నాను.

నాన్నకి ఫోన్ చేసి ఆదివారం లోడు చూసుకోమన్నాను, సరేనన్నాడు. "ఇప్పుడు ఫోన్ చెయ్యొచ్చా?" అని సుధకి రాశాను.

"చెయ్యండి."

"సరే అన్నాను, మర్చిపోయాను. నాదే తప్పు సుధా. రేపే వచ్చేస్తున్నా. నేనే కూర్చుంటా."

"మరి లోడు?"

"నాన్న చూసుకుంటానన్నాడు."

"మావయ్యగారికి కూడా చూపించారా?"

"లేదు. అమ్మ గట్టిగా చదివింది, ఆయన విన్నాడు."

 అవతల నవ్వు వినపడింది. నేను అంత మంచి బేరం ఎప్పుడూ చెయ్యలేదు.

ఆదివారం చింతలపూడిలో పెళ్ళికొడుకు తండ్రి తాంబూలం పళ్ళెం పట్టుకుని "అమ్మాయి తరఫున పెద్దవారెవరండీ?" అని అడిగినప్పుడు, మా అత్తగారు నా వైపు చూపించి కళ్ళు తుడుచుకుంది. నేను లేచి రెండు చేతులతో పళ్ళెం అందుకున్నాను.  సుధ ఆడవాళ్ళ వెనక నిలబడి చూస్తోంది, ముఖంలో ఏముందో అంత దూరం నుంచి నాకు తెలియలేదు.

భోజనాల బంతిలో కూర్చుని ఉండబట్టలేక మెసేజ్ పెట్టాను. "ఎలా చేశాను?"

"బానే ఉంది."

అండీ లేదు. బొమ్మ లేదు.  విస్తరి పక్కన ఫోను పెట్టుకుని ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టాను. "నీ మాట పొట్టిగా వచ్చింది. నా ఊహ తప్పు కావచ్చు. పళ్ళెం పట్టుకోవడంలో నిన్నేమైనా నొప్పించానా? ఇప్పుడు చెప్పాలని లేకపోతే తర్వాతైనా..." పంపాను.

సుధ పులిహోర బేసినుతో మా వరసలోకి వచ్చింది. నా ముందు ఆగి ఒంగి మెల్లగా అంది.

"చేతులు ఖాళీ లేక ముక్కుతో టైప్ చేసినంత పనైందండీ. బానే ఉంది అంటే బానే ఉంది. తినండి."

అప్పుడే ఆ పులిహోర సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నా భార్య సరే అంటే బేరం కుదిరిందనుకోను. కోపమనీ అనుకోను. తేడాగా అనిపిస్తే మెల్లగా ఒక్కసారి అడుగుతాను, అడిగి ఊరుకుంటాను, చెప్పింది నమ్ముతాను. ఈ మాట ఇక జన్మలో తప్పను, అమ్మ తోడు. కాదు, ఆ ముక్క కొట్టేస్తున్నాను. మా ఇద్దరి మధ్య విషయాల్లోకి అమ్మని లాగనన్నది కూడా ఒట్టులో ఉంది.