పౌడరు కింద మచ్చ

చోడవరంలో ఫోటోలు దిద్దడమంటే గణపతిరావే. చనిపోయిన కావేరిది మిగిలింది ఒక్కటే ఫోటో, అదీ స్కూలు డాన్సుకి దట్టంగా పౌడరూ లిప్‌స్టిక్కూ పులిమిన దిక్కుమాలిన ఫోటో.

"బాబూ, ఈ ఏసం తీసీసి నా గుంటని సూపించు," అంది తల్లి చిన్నమ్మి.

పెద్దది చేసిన నలుపు తెలుపు ప్రింటు మీద, పెదవుల అంచు జోలికి పోకుండా లోపలి లిప్‌స్టిక్కు నలుపుని కరిగించే మందుతో పలచన చేసేడు. పౌడరుకి తెల్లబడ్డ చెంపలకి పల్చటి బూడిద రంగు చుక్కచుక్కగా ఎక్కించేడు. ఒక్కసారే పులిమితే చర్మం మైనంలా అయిపోతుందని వారం పట్టింది.

చిన్నమ్మి చూసింది. "సెంప మీద మచ్చేదీ బాబూ?"

పౌడరు కప్పేసిన మచ్చ ఫోటోలోకే రాలేదు, ఎక్కణ్ణించి తెస్తాడు? కుంచె తీసేడు. "ఏ చెంపమ్మా? నేను పెడతాను."

ఆమె చెయ్యి తన కుడి చెంపకెళ్ళింది, ఎడమ చెంపకొచ్చింది, గాల్లోనే ఆగిపోయింది.