గుమ్మం ముందు కట్టిన కోళ్లు

మదనపల్లెలో కోర్టు వెనక వీధిలో మా అమ్మ మెస్ నడిపేది. నేను లా చదువుతుండేదాన్ని. కాలేజీ వేరే ఊళ్లో ఉండేది. పరీక్షలప్పుడు తప్ప అటు వెళ్లేవాళ్లం కాదు. మాలాంటి వాళ్లం నలుగురైదుగురం మధ్యాహ్నాలు మా మెస్‌లోనే, భోజనాలయిపోయాక బల్లలు తుడిచి, పుస్తకాలు పరుచుకుని చదువుకునేవాళ్లం.

మా అమ్మ వంట చేయి గొప్పది, నోరు మాత్రం గొప్పది కాదు. ఆ మాట కూతురిగా నేనే ఒప్పుకుంటాను. మాతో చదివే కుప్పం కుర్రాడొకడు ఒక రోజు తిన్న ప్లేటులోనే చెయ్యి కడిగాడు. అమ్మ అందరి ముందూ, "మీ ఇంట్లో ఇట్లే కడుగుతారేమప్పా? మీయమ్మ నేర్పలేదా?" అని అడిగేసింది. వాడు ముఖం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వారంలో కోర్టు ఎదుటి టీ కొట్టు గోడ మీద చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉంది. పైన పెద్ద అక్షరాలతో "మా అభిప్రాయం". కింద, కోర్టు వెనక మెస్‌లో రసం నీళ్లలా ఉంటుందనీ, అక్కడి ఆవిడ రెండోసారి అన్నం అడిగితే మొహం మాడ్చుకుంటుందనీ, ఆదివారం కోడికూర చవకగా పెట్టడానికి కారణం ఫారాల్లో చచ్చిన కోళ్లు తెచ్చి వండడమేననీ ఉంది. చేతిరాత ఎవరిదో నాకు చూడగానే తెలిసిపోయింది. రోజూ ఎదురుగా కూర్చుని నోట్సు రాసుకునేవాడే కదా! కాగితం చింపేశాను. కానీ అప్పటికే గుమాస్తాలు, కక్షిదారులు, సాక్షులు, అందరూ చదివేశారు.

నిజానికి మా కోళ్లు పుంగనూరులో మా మేనమామ పెరట్లోవి. కాళ్లు కట్టి, గంపలో పెట్టి, పొద్దున బస్సులో వేసి పంపేవాడు. సొంతవి కాబట్టే చవక.

మధ్యాహ్నం ఆ టీ కొట్టు దగ్గరే వాడిని పట్టుకున్నాను.

"మా అభిప్రాయం అనే కదా రాసినాను," అన్నాడు, టీ ఊదుకుంటూ. "ఫెయిర్ కామెంట్ కిందికి వస్తాది, అభిప్రాయానికి దావా పడదు. రేపు పరీక్షలో వచ్చేది గూడా అదే."

నాకు ఒళ్లు మండిపోయింది. "రసం నీళ్ల మాదిరి ఉండాదంటే అది అభిప్రాయం. ఎంత ఘాటుగానైనా రాసుకో. చచ్చిన కోళ్లు కొంటాదంటే అది సంగతి. జరిగిందా లేదా అనే దానికి అభిప్రాయమేందప్పా? పైన ఆ మాట అంటిస్తే అబద్ధం కామెంట్ అయిపోతాదా? కామెంట్ నిలబడల్లంటే కింద సంగతులు నిజమై ఉండల్ల."

"పేరు రాయలేదు కదా."

"కోర్టు ఎనకాల మెస్ ఇంకొకటి యాడుండాది? చదివినోళ్లకి ఎవరో తెలిస్తే చాలు, పేరు అక్కర్లేదు. గోడకి అంటించినావు, ఊరంతా చదివింది, ప్రచురణ అయింది. చచ్చిన కోళ్లు పెడతాదంటే జనం గడప తొక్కరు, పరువు పోయింది. ఇంకేం కావల్ల దావాకి?"

"నిజమైతే?"

"నిజమైతే టార్టులో, అంటే నష్టపరిహారం దావాలో, అదొక్కటే చాలు, నేనే నోరు మూసుకుంటా. ప్రజల మేలు కోసమని గూడా చూపించల్లనేది క్రిమినల్ కేసులో, దాన్ని దీన్ని కలపాకు. కానీ నిజమని చూపించాల్సింది నువ్వు. మాయమ్మ కాదు. చూపించు, ఎవరి ఫారం, ఏ కోడి?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "అందరూ అనుకుంటాండారు," అన్నాడు మెల్లగా.

"అందరూ అనుకునేది నువ్వు తిరిగి రాస్తే అది నీ మాటే అవుతాది. పైగా ప్లేటు దగ్గర తిట్టిందని కడుపుమంటతో రాసినావు. కడుపుమంట ఉంటే కామెంట్ యాడ నిలబడతాది?"

టీ కొట్టు వాళ్లంతా నన్నే చూస్తున్నారు. గెలిచాననుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఆ ఆదివారం మెస్‌లో సగం బల్లలు ఖాళీ. కూర గిన్నె అట్లాగే మిగిలింది. అమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి అనకపోతే ఇల్లు బావురుమంటుంది.

కోర్టులో పెద్ద వకీలు ఒకాయన ఉండేవారు. రోజూ మా మెస్‌లోనే తినేవారు. ఆయన దగ్గరికి పోయి దావా వేద్దామన్నాను.

"వేస్తే గెలుస్తామమ్మా," అన్నారు. "అబద్ధమని మనం చూపించే పని గూడా లేదు, నిజమని వాడే చూపించుకోవల్ల. కానీ తీర్పు వచ్చేదానికి ఎన్నేండ్లు పడతాదో నీకు తెలుసు కదా. అందాకా మీ మెస్ ఉండల్ల కదా తల్లీ?"

"నిప్పు లేనిదే పొగ రాదు" అని ఆయన గుమాస్తా పక్కనుంచి గొణిగాడు. ఆ సామెత కనిపెట్టినవాడు దొరికితే నా చేతిలో అయిపోయేవాడు.

చివరికి వకీలు గారే కుర్రాడిని పిలిపించి నాలుగు చివాట్లు పెట్టి క్షమాపణ రాయించారు. పద్ధతి ప్రకారం రాయించారు, అందులో తప్పు పట్టడానికి లేదు. "కోర్టు వెనక మెస్ నడిపే ఆవిడ చచ్చిన కోళ్లు వండుతున్నదని నేను రాసినది అబద్ధం, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, బేషరతుగా క్షమాపణ కోరుతున్నాను" అని. టైపు కొట్టించి, అదే గోడకి, మొదటి కాగితం ఉన్న చోటే అంటించారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు! మొదటిది నేను ఒక్క పూటలో చింపేశాను. ఇది వారమంతా గోడ మీదే ఉంది. మొదటిది చూడని వాళ్లంతా దీన్ని చదివారు. తంబళ్లపల్లె నుంచి వాయిదాకి వచ్చిన రైతులు, "ఏందీ, చచ్చిన కోళ్లంట?" అని గుంపుగా చేరి చదివించుకున్నారు. కుప్పం నుంచి వచ్చిన మా బంధువు ఒకామె, "మీ గురించి ఏందో రాసినారంట కదా" అని అడిగింది. క్షమాపణ కోరినవాడిని ఎవరూ ఏమీ అనలేదు. అబద్ధం అన్న మాట ఎవరికీ గుర్తులేదు. కోళ్లు మాత్రం గుర్తున్నాయి. నేను వకీలు గారి ముందు కూర్చుని ఏడ్చాను, కోపంతో.

పరీక్షలో పరువు నష్టం ప్రశ్నే వచ్చింది. నిజం, ఫెయిర్ కామెంట్, రెండూ వివరించమన్నారు. నిరూపించే భారం ప్రతివాదిదే అని రాసి, కింద గట్టిగా గీత గీశాను. ఎంత గట్టిగా అంటే కాగితం చిరిగింది. పాసయ్యాను. వాడూ పాసయ్యాడు. నేను టీ కొట్టు దగ్గర చెప్పినవన్నీ తాను పూసగుచ్చినట్టు రాశానని వాడే సంతోషంగా చెప్పాడు. ఛీ, ఏం మనిషి!

పరీక్ష అయి ఇంటికి వచ్చిన ఆదివారం చూస్తే, మెస్ గుమ్మం ముందు, వీధిలో పోయే ప్రతివాడికీ కనిపించేలా, కోళ్లు కాళ్లకి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ఇన్నాళ్లూ అమ్మ మెస్ పెరట్లో కోయించేది, ఇప్పుడు గుమ్మం ముందే కోయిస్తోంది. "ఇదేందమ్మా? నిరూపించాల్సింది వాడు, నువ్వు కాదు!" అని అరిచాను. "కోర్టులో కదా అది," అంది, ఉల్లిపాయలు తరుగుతూ. జనం మెల్లమెల్లగా తిరిగి వచ్చారు.

చాలా ఏళ్ల తర్వాత, నేను వకీలుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్న రోజుల్లో, ఒక ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. టీ కొట్టు లేదు, ఆ గోడే లేదు, సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. గుమ్మం ముందు మాత్రం కోళ్లు అట్లాగే కట్టి ఉన్నాయి.

"ఇంక ఆపమ్మా," అన్నాను. "ఆ సంగతి ఒక్కరికీ గుర్తులేదు."

"నాకు గుర్తుండాది కదా," అంది.

అంతలో ఎవరో కొత్త మనిషి, పలమనేరు బస్సు దిగి వచ్చినట్టున్నాడు, చేతిసంచితో గుమ్మం ఎక్కబోతూ కోళ్లు కాలికి తగిలి ఆగాడు. అమ్మ ముందున్న కత్తిపీట పక్కకి జరిపి లేచి, ఆయన అడగకుండానే, వంగి ఒక కోడిని పైకెత్తి చూపించింది.

"సూసుకోండప్పా, బతికే ఉండాది."